ఎదురుగాలిలో 12 మైళ్లు: తెరచాప పడవకు ఎంతసేపు పడుతుందో ముందే లెక్క కట్టడం ఎలా

ఒక మధ్యాహ్నం సరిగ్గా 2 గంటలకు తెరచాప పడవలో బయలుదేరాం. చార్టు మీద స్కేలు పెట్టి కొలిస్తే గమ్యం 12 నాటికల్ మైళ్లు. పడవ వేగం 5 నాట్లు, అంటే గంటకు 5 నాటికల్ మైళ్లు. పన్నెండును ఐదుతో భాగించాను, 2 గంటల 24 నిమిషాలు వచ్చింది. నాలుగున్నరకల్లా వచ్చేస్తామని ఒడ్డున ఎదురుచూసేవాళ్లకు మాటిచ్చాను. చేరేసరికి 5:50 అయింది. చివరి మైలు చీకటి పడుతుండగా, ఒడ్డున దీపాలు వెలుగుతుండగా నడిచింది. దారిలో గాలి తగ్గలేదు, పడవ ఎక్కడా ఆగలేదు, వేగం దాదాపు అంతటా 5 నాట్లే ఉంది.

దిగాక సరంగు గారిని అడిగాను: "ఎక్కడ పోయిందండీ ఇంత టైము?"

"నువ్వు స్కేలు పెట్టి కొలిచావు బాబూ. మనం ఆ గీత మీద వెళ్లామా మరి?" అన్నాడాయన.

వెళ్లలేదు. గాలి దాదాపు గమ్యం వైపు నుంచే వీస్తోంది. తెరచాప పడవ గాలి ముఖానికి నేరుగా పోలేదు. ముక్కును గాలికి మరీ దగ్గరగా తిప్పితే తెరచాప గాలి పట్టకుండా రెపరెపలాడుతుంది, పడవ నిలబడిపోతుంది. అందుకని గాలికి ఒక పక్కగా కొంత దూరం, మలుపు తిప్పి రెండో పక్కగా కొంత దూరం, ఇలా వంకరటింకరగా ఎదురెక్కాలి. ఒక్కో పక్కగా నడిచే ఆ పరుగునే టాక్ అంటారు. ఆ రోజు ప్రయాణాన్నే ఉదాహరణగా తీసుకుని, బయలుదేరే ముందు చార్టు మీదే అసలు సమయం ఎలా తేల్చుకోవాలో చెబుతాను.

ముందు మీ పడవ కోణం కొలవండి

లెక్క మొత్తం ఒక్క సంఖ్య మీద నిలబడుతుంది. మీ పడవ గాలికి ఎన్ని డిగ్రీల దగ్గరగా నడవగలదు అన్నదే ఆ సంఖ్య. చాలామంది 45 అనేస్తారు. పుస్తకాల్లో బొమ్మలన్నీ అలాగే ఉంటాయి కాబట్టి వచ్చిన అలవాటది. పందేల కోసం కట్టిన పడవ అంతకంటే దగ్గరగా పోవచ్చు. సామాన్లతో నిండి, తెరచాప పాతబడి సాగిపోయిన పడవ 55కి కూడా రాకపోవచ్చు. కాబట్టి ఎవరి మాటా తీసుకోకండి, మీరే నీళ్లమీద కొలవండి. అరగంట పని.

ప్రవాహం లేని సమయం, గాలి నిలకడగా ఉన్న సమయం చూసుకోండి. తెరచాపలు బిగించి, గాలికి వీలైనంత దగ్గరగా, కానీ పడవ హాయిగా పరుగెత్తేలా ఐదు నిమిషాలు ఒకే టాక్ మీద నడపండి. ఆ ఐదు నిమిషాల్లో జీపీఎస్ చూపే నేలమీది దిశను, అంటే తెర మీద COG అని కనిపించే అంకెను, నాలుగైదుసార్లు రాసుకుని సగటు తీయండి. ఇప్పుడు మలుపు తిప్పి రెండో టాక్ మీద ఇంకో ఐదు నిమిషాలు అలాగే చేయండి. మా పడవకు మొదటిది 325 డిగ్రీలు వచ్చింది, రెండోది 065. రెండింటి మధ్య తేడా 100 డిగ్రీలు. అందులో సగం, 50 డిగ్రీలు, మా కోణం.

ఈ కొలతలో ఇంకొకటి ఉచితంగా దొరుకుతుంది. ఆ రెండు దిశలకూ సరిగ్గా మధ్యలో ఉండేదే గాలి వచ్చే దిక్కు. 325కీ 065కీ నడుమ 015. ఒడ్డున జెండాను చూసి వేసే అంచనా కంటే ఇది ఎంతో నమ్మకమైనది.

జీపీఎస్ బదులు పడవ కంపాస్ చూసి రాసుకుంటే ఏమవుతుందో గమనించండి. అదే రోజు మా ముక్కు ఒక టాక్ మీద 330 వైపు, రెండో టాక్ మీద 060 వైపు చూస్తోంది (కంపాస్ అంకెలను చార్టు ఉత్తరానికి సరిచేశాక). తేడా 90, సగం 45. చూశారా, పుస్తకంలోని అంకె వచ్చేసింది! కానీ పడవ ముక్కు చూపిన వైపుకు పోదు. గాలి దాన్ని పక్కకు నెడుతుంటే జారుకుంటూ పోతుంది. ఆ జారుడు మా పడవకు ఒక్కో వైపు 5 డిగ్రీలు. లెక్కకు కావలసింది ముక్కు చూసే కోణం కాదు, నీళ్లలో పడవ నిజంగా వేసిన దారి కోణం. గాలి పెరిగి అలలు లేస్తే జారుడు కూడా పెరుగుతుంది. అందుకే తేలికగాలిలో ఒకసారి, బలమైన గాలిలో ఒకసారి కొలిచి రెండు అంకెలూ నోటు పుస్తకంలో ఉంచుకోండి.

దూరం ఎందుకు పెరుగుతుంది

50 డిగ్రీల కోణంలో ఒక మైలు నడిచారనుకోండి. ఆ మైలులో గాలికి ఎదురుగా మీరు ఎక్కింది 0.64 మైలు. పక్కకు పోయింది 0.77 మైలు. ఎదురెక్కింది మీ సొత్తు, అది ఎక్కడికీ పోదు. పక్కకు పోయినదాన్ని మాత్రం రెండో టాక్ మీద వెనక్కి తెచ్చుకోవాలి. కుడికి 0.77, ఎడమకు 0.77, రెండూ కలిస్తే సున్నా. పడవ మాత్రం ఆ రెండు మైళ్లూ నడిచింది, ఎదురుగా మిగిలింది 1.28 మైళ్లు. కొలిచిన దూరానికీ నడిచిన దూరానికీ ఉన్న తేడా అంతా ఇలా కొట్టివేతకు పోయిన పక్కదూరమే.

గమ్యం సరిగ్గా గాలి వచ్చే దిక్కునే ఉంటే లెక్క చాలా సులువు. స్కేలు దూరాన్ని ఒక అంకెతో గుణిస్తే చాలు. కోణం 40 డిగ్రీలైతే ఆ అంకె 1.31, 45కి 1.41, 50కి 1.56, 55కి 1.74, 60కి 2. కోణం పెరిగేకొద్దీ ఆ అంకె ఎలా ఎగబాకుతోందో చూడండి. 40 నుంచి 45కి పోతే మైలుకు 0.1 మైలు పెరిగింది. అదే ఐదు డిగ్రీలు 55 నుంచి 60కి పోతే 0.26 పెరిగింది. బాగా నడిచే పడవకు ఐదు డిగ్రీల పొరపాటు చిన్న నష్టం, మందకొడి పడవకు అదే పెద్ద నష్టం. చతురస్రపు తెరచాపల పాత ఓడలు గాలికి దాదాపు ఆరు పాయింట్లు, అంటే 67.5 డిగ్రీలు, దూరంగా ఉండాల్సి వచ్చేది. వాటికి ఒక మైలు ఎదురెక్కడానికి 2.6 మైళ్లు పట్టేది, జారుడు కలపకముందే. గాలి మారేదాకా ఆ ఓడలు రేవుల్లో వారాల తరబడి ఎందుకు కాచుకునేవో ఈ ఒక్క అంకె చెబుతుంది.

మలుపులు తక్కువ వేస్తే దూరం తగ్గుతుందా అని కొత్తవాళ్లు అడుగుతారు. నేనూ అడిగాను. తగ్గదు. మేడ మెట్లను తలచుకోండి. అదే మేడకు పది పెద్ద మెట్లు కట్టినా ఇరవై చిన్న మెట్లు కట్టినా, మెట్ల ఎత్తులన్నీ కలిపితే మేడ ఎత్తే, వెడల్పులన్నీ కలిపితే మెట్లవరస పొడవే. పడవ వేసే టాకులూ అంతే. ఒక వైపు టాకులన్నీ ఒకదానికొకటి సమాంతరం, రెండో వైపువీ అంతే. రెండు పొడవాటి టాకులు వేసినా, ఎనిమిది పొట్టివి వేసినా మొత్తం మైళ్లు ఒకటే. మలుపుల వల్ల పోయేది దూరం కాదు, కొంత సమయం. దాని సంగతి తరవాత చెబుతాను.

చార్టు మీద త్రిభుజం గీయండి

ఇప్పుడు అసలు ప్రయాణానికి వద్దాం. గమ్యం మాకు సరిగ్గా ఉత్తరాన, 000 దిశలో, 12 మైళ్లు. గాలి 015 నుంచి. అంటే గమ్యం గాలిముఖం నుంచి 15 డిగ్రీలు పక్కకు తప్పి ఉంది. మొదట ఈ తేడా చూసుకోవాలి. ఇది మీ పడవ కోణం కంటే ఎక్కువైతే, మా విషయంలో 50 దాటితే, టాకుల అవసరమే లేదు, నేరుగా పోవచ్చు. తక్కువైతే త్రిభుజం గీయాలి.

బయలుదేరే చోటి నుంచి 325 దిశలో పెన్సిల్‌తో ఒక గీత గీయండి. అది గాలి కుడివైపు నుంచి తగిలే టాక్. గమ్యం దగ్గర పెన్సిల్ పెట్టి, 065కి తిరుగు దిశ అయిన 245 వైపు వెనక్కి ఇంకో గీత గీయండి. రెండూ ఎక్కడ కలుస్తాయో అక్కడ మలుపు. ఇప్పుడు డివైడర్‌తో రెండు గీతల పొడవూ కొలవండి. మొదటిది 11 మైళ్ల పైన కాస్త, రెండోది 7 మైళ్లు. మొత్తం 18. త్రికోణమితి ఏమీ అక్కర్లేదు, పెన్సిల్ చాలు. కాలిక్యులేటర్ చేతిలో ఉన్నవాళ్లు ఇలా సరిచూసుకోవచ్చు:

```
12 × cos(15°) ÷ cos(50°)
= 12 × 0.966 ÷ 0.643
= 18.03 మైళ్లు
```

ఈ సూత్రంలో పై భాగాన్ని ప్రత్యేకంగా చూడండి. 12ను 0.966తో గుణిస్తే 11.6. గాలికి ఎదురుగా మేం ఎక్కాల్సిన దూరం అది. దీన్ని ఎదురు దూరం అందాం. టాకులు ఎన్ని వేసినా, ఏది ముందు వేసినా, సమయాన్ని తేల్చేది ఈ ఎదురు దూరమే. నా స్కేలు కొలిచిన 12కి ఇందులో పాత్ర తక్కువ.

వేగాన్ని ఎదురెక్కే వేగంగా మార్చండి

18.03 మైళ్లను 5 నాట్లతో భాగిస్తే 3.6 గంటలు, అంటే 3 గంటల 36 నిమిషాలు. ఇక్కడ వాడాల్సింది తెరచాపలు బిగించి ఎదురెక్కేటప్పటి వేగం. మా పడవ పక్కగాలిలో 6 నాట్లు పోతుంది. ఆ 6 ఇక్కడ పనికిరాదు. కోణం కొలిచే రోజునే ఈ వేగాన్నీ కొలిచి పెట్టుకోవాలి.

ఇదే లెక్కను ఇంకో వైపు నుంచి చేస్తే సముద్రం మీద వాడుకోవడానికి వీలుగా ఉంటుంది. 5 నాట్ల వేగంలో 0.643 వంతు మాత్రమే ఎదురెక్కడానికి పనికొస్తోంది, అంటే 3.2 నాట్లు. తెరచాపలవాళ్లు దీన్ని వీఎంజీ అంటారు. ఎదురు దూరం 11.6ను 3.2తో భాగిస్తే అవే మూడున్నర గంటల పైచిలుకు వస్తాయి.

ఈ 3.2ను పెంచుకోవడం ఎలా అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. ముక్కును గాలికి ఇంకాస్త దగ్గరగా తోస్తే దారి చిన్నదవుతుంది కదా అనిపిస్తుంది. మా పడవను 45 డిగ్రీల దారికి తోస్తే వేగం 4.2 నాట్లకు పడిపోతుంది. నడవాల్సింది 16.4 మైళ్లే, కానీ పట్టేది 3 గంటల 54 నిమిషాలు. పోనీ 55కి వదిలి పరుగెత్తనిస్తే 5.4 నాట్లు వస్తాయి, దూరం 20 మైళ్లు దాటుతుంది, సమయం 3 గంటల 45 నిమిషాలు. మూడింటిలో అతి పొట్టి దారే అతి నెమ్మది దారి. వేగం పడిపోతే జారుడు కూడా పెరుగుతుంది, ఎందుకంటే కీల్, అంటే పడవ అడుగున నీళ్లలోకి నిలువుగా దిగి ఉండే పలక, పని చేయాలంటే దాని మీదుగా నీళ్లు జోరుగా పారాలి. చుక్కాని పట్టినవాళ్లకు ఇది చేతికే తెలుస్తుంది. మరీ దగ్గరగా తోసినప్పుడు చుక్కాని తేలికైపోయి, ప్రతి అలకూ పడవ తడబడుతుంది, ముందు తెరచాప అంచు సన్నగా కొట్టుకోవడం మొదలవుతుంది. అప్పుడు ఒక్క ఐదు డిగ్రీలు వదలండి, పడవ మళ్లీ ఊపిరి పీల్చుకున్నట్టు పరుగందుకుంటుంది.

మలుపులకు, ప్రవాహానికి చోటివ్వండి

మలుపు తిప్పినప్పుడు ముక్కు గాలిముఖాన్ని దాటుతుంది, ఆ కాసేపు తెరచాపలకు పని ఉండదు. 5 నాట్ల వేగం సగానికి పడి, మళ్లీ అందుకోవడానికి కొంతసేపు పడుతుంది. చేయి తిరిగిన జట్టుకు మలుపుకు అర నిమిషం కంటే తక్కువే పోవచ్చు. కొత్త చేతులతో నడిపే బరువైన పడవకు ఒక నిమిషం వేసుకోండి. ఆ రోజు ఎనిమిదిసార్లు తిప్పాం కాబట్టి 8 నిమిషాలు కలిపితే 3 గంటల 44 నిమిషాలు. రెండింటికి బయలుదేరితే 5:44. మేం చేరింది 5:50కి. ఈ లెక్క ముందే వేసి ఉంటే ఒడ్డున ఎవరూ ఆందోళన పడేవారు కాదు.

ప్రవాహం సంగతి ఇంత చిన్నది కాదు. ఆ రోజు అది లేదు. గాలితో పాటే, మాకు ఎదురుగా, అర నాటు ప్రవాహం ఉండి ఉంటే? 5 నాట్ల పడవకు అర నాటంటే పదో వంతే కదా, సమయం కూడా పదో వంతు పెరుగుతుందనుకుంటాం. కాదు. ప్రవాహం కొరికేది 5ను కాదు, ఎదురెక్కే 3.2ను. అది 2.7కి దిగుతుంది. 11.6 మైళ్లకు 4 గంటల 16 నిమిషాలు పడుతుంది, అంటే 40 నిమిషాలు ఎక్కువ. అదే అర నాటు మాకు అనుకూలంగా ఉంటే 3.7 అయి, 3 గంటల 7 నిమిషాల్లో చేరతాం. కలిసొచ్చేది 29 నిమిషాలే. పోయేది ఎక్కువ, వచ్చేది తక్కువ. దారిలో సగం అనుకూలం, సగం ప్రతికూలం కాబట్టి సరిపోతుందిలే అనుకుంటే లెక్క తప్పుతుంది.

అనుకూల ప్రవాహం ఇచ్చే 29 నిమిషాలనూ పూర్తిగా నమ్ముకోకండి. గాలికి ఎదురుగా నీళ్లు పారేచోట అలలు దగ్గరదగ్గరగా, నిటారుగా లేస్తాయి. పడవ ముక్కు ఒక్కో అలకు దభీమని కొట్టుకుంటూ వేగం పోగొట్టుకుంటుంది. అలాంటి చోట వేగాన్ని 5 అని వేసుకోకుండా 4.5 అని వేసుకోవడం నా అలవాటు.

ప్రవాహం పక్క నుంచి తోస్తుంటే ఇంకో చిక్కు ఉంది. అప్పుడు జీపీఎస్ చూపే రెండు దిశలకూ మధ్యలో గాలి ఉండదు, కోణం కొలత కూడా చెడుతుంది. పడవ కోణాన్ని ప్రవాహం లేనప్పుడే కొలవమన్నది ఇందుకే.

ఏ టాక్ ముందు

మొత్తం దూరం ఏ టాక్ ముందు వేసినా ఒకటే, గాలి మారనంతవరకు. గాలి మారుతుంది. అందుకే పొడవాటి టాక్ ముందు వేయాలి. మాకు అది 325, పదకొండు మైళ్లది. గమ్యానికి దగ్గర చూపుగా ఉండేదే పొడవాటి టాక్ అవుతుంది. 325కి గమ్యం 35 డిగ్రీలే పక్కకు ఉంది, 065కి 65 డిగ్రీలు.

పొట్టి టాక్ మీద ముందే ఏడు మైళ్లు పోయామనుకోండి. అక్కడి నుంచి 325లో తిన్నగా గమ్యానికి గీత ఉంటుంది. ఆ గీతను లేలైన్ అంటారు, అంటే ఇక మలుపు లేకుండా గమ్యాన్ని పట్టించే చివరి గీత. సరిగ్గా అప్పుడు గాలి 20 డిగ్రీలు కుడికి తిరిగి 035 నుంచి వీచిందనుకోండి. ఇప్పుడు 345లో కూడా పోగలం, కానీ గమ్యం 325లోనే ఉంది. అంత తూర్పుకు పోవాల్సిన పనే లేకపోయింది, నడిచిన మైళ్లలో కొన్ని దండగ. గాలి ఎడమకు తిరిగితే ఇంకా కష్టం. 325లో పోలేం, 305కి దిగిపోతాం, గమ్యం తప్పుతుంది, మళ్లీ మలుపులు. ఎటు తిరిగినా నష్టమే. పొడవాటి టాక్ ముందు వేసి, మధ్యమధ్య పొట్టి టాకులతో త్రిభుజం నడిమిలో ఉండిపోతే, గాలి ఎటు తిరిగినా ఏదో ఒక టాక్ గమ్యానికి దగ్గరవుతుంది. అప్పుడు దాన్ని పట్టుకోవచ్చు. ఆ రోజు మేం ఎనిమిదిసార్లు తిప్పడానికి కారణం ఇదే.

లేలైన్‌ను దాటిపోవడం చాలామంది చేసే తప్పు. "ఇంకాస్త పోదాం, ఖాయంగా అందుతుంది" అనిపిస్తుంది. మా త్రిభుజంలో మలుపు చోటు దాటి ఒక మైలు ఎక్కువ పోతే మొత్తం దారి 1.24 మైళ్లు పెరుగుతుంది, దాదాపు పావుగంట. ముందే తిప్పినా ఫరవాలేదు, ఇంకో జత టాకులు పడతాయంతే, దూరం పెరగదు. దాటిపోయిన మైలు మాత్రం తిరిగి రాదు.

లేలైన్ వచ్చిందని ఎలా తెలుసుకోవాలి? 325లో నడుస్తూ చేతి కంపాస్‌తో గమ్యాన్ని చూస్తూ ఉండండి. అది 065లో కనిపించినప్పుడు మీరు గీత మీద ఉన్నారు. కంపాస్ లేకుండా చూడాలంటే, గమ్యం మీ కుడి భుజానికి సూటిగా వచ్చాక కూడా ఆగాలి, ఇంకో 5 డిగ్రీలు వెనక్కి జరగాలి. చూసేవారికి ఇది చాలా ఆలస్యంగా అనిపిస్తుంది. భుజానికి సూటిగా రాగానే తిప్పితే గమ్యానికి కిందికి చేరతాం. నా మొదటి రెండేళ్లలో దాదాపు ప్రతిసారీ అలాగే జరిగింది, చివర్లో చిన్న టాక్ ఒకటి అదనంగా వేయాల్సి వచ్చేది.

జీపీఎస్ తెర మీది సమయాన్ని నమ్మకండి

గమ్యాన్ని జీపీఎస్‌లో పెడితే TTG అనో ETA అనో ఒక సమయం చూపిస్తుంది. చాలా పరికరాల్లో ఆ అంకె పడవ ఈ క్షణంలో గమ్యానికి ఎంత వేగంగా దగ్గరవుతోందో చూసి, మిగిలిన నేరు దూరాన్ని దానితో భాగించి వచ్చేదే. మీరు మలుపు తిప్పబోతున్నారని దానికి తెలియదు.

మా ప్రయాణాన్ని రెండే పొడవాటి టాకుల్లో చేశామనుకోండి. 325లో బయలుదేరగానే గమ్యానికి దగ్గరయ్యే వేగం 4.1 నాట్లు. తెర 2 గంటల 56 నిమిషాలు అంటుంది. నిజానికి పట్టేది 3 గంటల 36. గంటా ఆరు నిమిషాలు నడిచి ఆ టాక్ సగానికి వస్తాం. అప్పటికి గమ్యం బాగా పక్కకు వెళ్లిపోయి, దగ్గరయ్యే వేగం 2.65కి పడిపోతుంది, తెర 3 గంటల 4 నిమిషాలు చూపిస్తుంది. గంట పైన నడిచాక సమయం తగ్గకపోగా పెరిగింది! నిజంగా మిగిలింది రెండున్నర గంటలే. ఇది చూసి కంగారుపడి, లేలైన్ రాకముందే తిప్పేవాళ్లను చూశాను. తిప్పగానే అంకె మళ్లీ ఎటో దూకుతుంది, ఇంకా కంగారు.

దాని బదులు చార్టు మీద ఇలా చేయండి. గాలి వచ్చే దిక్కుకు, అంటే 015కి, ఒక గీత గీసి, దానికి అడ్డంగా, లంబంగా, బయలుదేరిన చోటి నుంచి ప్రతి 3.2 మైళ్లకు ఒక గీత గీయండి. గమ్యం మూడో గీతకూ నాలుగో గీతకూ మధ్యన, నాలుగో గీతకు కాస్త దగ్గరగా పడుతుంది. ఒక్కో గీత ఒక్కో గంట. మీరు కుడి టాక్‌లో ఉన్నా, ఎడమ టాక్‌లో ఉన్నా, త్రిభుజంలో ఏ మూలన ఉన్నా, లేలైన్లు దాటనంతవరకు గంటకు ఒక గీత దాటాలి. గంట కాగానే మీరున్న చోటును చార్టు మీద గుర్తుపెట్టి, ఏ గీత దగ్గర ఉన్నారో చూస్తే చాలు, ప్రయాణం లెక్క ప్రకారం నడుస్తోందో లేదో తెలిసిపోతుంది. గాలి బాగా తిరిగితే మాత్రం ఆ గీతలు చెరిపేసి, ఉన్న చోటి నుంచి కొత్త దిక్కుకు అడ్డంగా మళ్లీ గీసుకోవాలి.

రెండింటికి బయలుదేరి, మూడింటికి చూస్తే ఎదురు దూరం 3.2 బదులు 2.5 మైళ్లే ఎక్కారనుకోండి. మిగిలింది 9.1 మైళ్లు. ఇదే తీరున నడిస్తే ఇంకో 3 గంటల 38 నిమిషాలు. చేరేది 6:40కి. ఆ పూట 6 గంటలకు చీకటి పడుతుందంటే, వెనక్కి తిరగడానికి అదే సరైన గంట. తిరుగుదారిలో గాలి వెనక నుంచి వస్తుంది, టాకులు వేయక్కర్లేదు, ఎక్కువలో ఎక్కువ ఐదు మైళ్లు, స్కేలుతో కొలిచిన దూరమే నడిచే దూరం. నాలుగు గంటలయ్యేసరికి ఒడ్డున ఉంటారు.